ఇంటర్న్ గారి మెయిల్

ఇంటర్న్‌షిప్‌లో చేరిన కుర్రాడు మేనేజర్‌కు రిపోర్టు పంపాలి. సబ్జెక్ట్‌లో ‘రిపోర్ట్’ అని మాత్రమే రాస్తే, పదుల మెయిళ్ల మధ్య ఆయన దాన్ని తర్వాత చూద్దామని వదిలేస్తారు. ‘జూన్ రెండో వారం అమ్మకాల రిపోర్ట్ – శుక్రవారంలోగా మీ ఆమోదం కావాలి’ అని రాస్తే, తెరవకముందే పని, గడువు రెండూ తెలుస్తాయి. నెల తర్వాత వెతికినా దొరుకుతుంది.

పలకరింపు ఒక్క మాట చాలు. సెలవు చీటీలా ‘గౌరవనీయులైన’ అక్కర్లేదు. ‘హాయ్ బ్రో’ అసలే వద్దు.

ముందు ఫైలు జోడించి, తర్వాత విషయం రాసి, చిరునామా చివర్లో నింపడం మంచి అలవాటు. పొరపాటున సెండ్ నొక్కినా చిరునామా లేని మెయిల్ కదలదు. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లు 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింక్‌గా వెళ్తాయి. అవతలివారికి తెరిచే అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

అసలు చిక్కు రిప్లై ఆల్‌తోనే. హెచ్‌ఆర్ నలభై మందికి పంపిన మెయిల్‌కు అందరికీ వెళ్లేలా ‘థాంక్యూ’ అంటే, నలభై ఇన్‌బాక్సులూ నిండుతాయి. కానీ మేనేజర్ ఇద్దరు సహోద్యోగులను సీసీలో పెట్టి ప్రశ్న అడిగినప్పుడు, ఆయనొక్కరికే జవాబివ్వడమూ తప్పే. మిగతా ఇద్దరూ ఎదురుచూస్తుంటారు.

జవాబు సిద్ధంగా లేకపోయినా, ఆ రోజే ‘అందింది సార్, రేపు మధ్యాహ్నానికి పంపుతాను’ అని రాయండి.