నాలుగు యాంటెన్నాల రౌటర్, చేతిలో కుదురుగా ఉండని ఫోన్

పాత రౌటర్ పాడై కొత్తది కొనడానికి వెళ్తే, నాలుగు యాంటెన్నాలున్న పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు దుకాణదారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలు: బీమ్‌ఫార్మింగ్, ఎంయూ-మైమో. "ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా సరే సార్, అన్నిటికీ ఒకేసారి ఇస్తుంది" అన్నాడు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ "ఒకేసారి" అన్నది ఫోన్ల దగ్గర ఎందుకు అంతగా పారదో తెలుసుకోవాలంటే, ఆ రెండు మాటల వెనక జరిగే పని చూడాలి.

మామూలు వైఫై బంతి భోజనంలో ఒకే ఒక్క మనిషి వడ్డిస్తున్నట్టు ఉంటుంది. ఒక విస్తరిలో వేశాకే పక్క విస్తరి. వంతులు సెకనులో వందలసార్లు తిరుగుతాయి కాబట్టి ఆగుతున్నట్టు మనకు తెలియదు గానీ, ఏ క్షణంలో చూసినా గరిటె ఒకరి దగ్గరే ఉంటుంది. 2016లో వైఫై 5 రెండో విడత ధ్రువీకరణతో పాటు ఇళ్లలోకి వచ్చిన ఎంయూ-మైమో, అదే క్షణంలో ముగ్గురికి మూడు వేర్వేరు పదార్థాలు వడ్డిస్తానంటుంది. గరిటెలు పెంచితే సరిపోదు, ఒకరి పప్పు ఇంకొకరి పాయసంలో పడకూడదు. కష్టమంతా అక్కడే.

ముందు బీమ్‌ఫార్మింగ్ సంగతి. చెరువులో రెండు రాళ్లు వేస్తే కొన్నిచోట్ల రెండు అలల శిఖరాలు కలిసి ఎత్తుగా లేస్తాయి, కొన్నిచోట్ల శిఖరం మీద గుంట పడి నీళ్లు చదునవుతాయి. రౌటర్ తన నాలుగు యాంటెన్నాల నుంచి ఒకే సంకేతాన్ని రవ్వంత ముందూ వెనకలుగా వదులుతుంది. సరిగ్గా మీ ఫోన్ ఉన్నచోట నాలుగు శిఖరాలూ కలిసేలా ఆ ముందూ వెనకలను సర్దుతుంది. ప్రకటనల్లో టార్చిలైటు వెలుగులా గీస్తారు గానీ, ఇంట్లో అలా ఉండదు. అలలు గోడలకీ అద్దానికీ ఇనప బీరువాకీ తగిలి తలో దారిన వస్తాయి. రౌటర్‌కి ఏ దిక్కో పట్టదు, ఆ చోట అలలు కలిశాయా లేదా అన్నదే లెక్క.

ఆ సంగతి దానికి ఫోనే చెప్పాలి. రౌటర్ ముందు ఒక ప్రకటన పంపుతుంది, ఆ వెంటనే డేటా ఏమీ లేని ఒక పరీక్ష సంకేతం వదులుతుంది. ఒక్కో యాంటెన్నా అల తన దగ్గరికి ఎంత బలంతో, ఎంత ఆలస్యంగా చేరిందో ఫోన్ కొలిచి, ఆ లెక్కను కుదించి తిరిగి పంపుతుంది. దీన్నే సౌండింగ్ అంటారు. 2009 నాటి వైఫై 4లో దీనికి రకరకాల పద్ధతులు ఉండేవి, ఒక కంపెనీ రౌటర్ పద్ధతి ఇంకో కంపెనీ ఫోన్‌కి అర్థమయ్యేది కాదు. 2013లో వైఫై 5 ప్రమాణం ఒకే పద్ధతిని ఖాయం చేశాకే బీమ్‌ఫార్మింగ్ నిజంగా పనిలోకి దిగింది.

ఎంయూ-మైమోకి వచ్చేసరికి పని రెండింతలు. ముగ్గురికి ఒకేసారి పంపాలంటే, అన్న ఫోన్ దగ్గర అన్నకి పంపిన అలలు కలవాలి. అంతేకాదు, అక్కకీ నాన్నకీ పంపిన అలలు సరిగ్గా అక్కడే ఒకదాన్నొకటి చెరుపుకోవాలి. మిగతా ఇద్దరి దగ్గరా ఇలాగే. మొత్తం కలపడాలు మూడు, చెరపడాలు ఆరు.

ఈ చెరపడం మహా సున్నితమైన వ్యవహారం. 5 గిగాహెర్ట్జ్ వైఫై అల పొడవు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. సమానమైన రెండు అలలు కలవాల్సిన చోట, ఒకదాని దారి నాలుగున్నర మిల్లీమీటర్లు, అంటే అల పొడవులో పన్నెండో వంతు, తప్పిందనుకుందాం. ఎత్తు 2 రావాల్సింది 1.93 వస్తుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు. అదే తప్పు చెరపాల్సిన చోట జరిగితే, సున్నా కావాల్సిన ఎత్తు 0.52 దగ్గర ఆగుతుంది. ఒక అలలో సగం పైన అక్కడే మిగిలిపోయినట్టు. అది పక్కవాడి ఫోన్‌లో రొదగా దూరుతుంది.

ఫోన్ ఉండేది చేతిలో. మంచం మీద పక్కకి దొర్లినా, నడుస్తూ మాట్లాడినా, దాని చుట్టూ అలల అమరిక మారిపోతుంది. మామూలు నడకలో సెకనుకి మీటరు వేసుకున్నా, వందో వంతు సెకనులో సెంటీమీటరు జరుగుతాం. అంటే సౌండింగ్ లెక్క పది మిల్లీసెకన్లు పాతబడేసరికే చెరపడానికి పనికిరాదు. మరి తరచుగా కొలుచుకోవచ్చు కదా? కొలిచినంతసేపూ గాలిలో డేటా కదలదు. నాలుగు యాంటెన్నాల రౌటర్‌కి, 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో, ఒక్కో ఫోన్ పంపే లెక్కే ఒకటిన్నర కిలోబైట్ల దాకా ఉండొచ్చు. అదీ ఒకరి తర్వాత ఒకరు పంపాలి. ఒకేసారి వడ్డించడం కోసం ఆకలి ఎంతని అందరినీ విడివిడిగా అడుగుతూ కూర్చోవడం లాంటిది.

ఇంకో చిక్కు, ఇది కొనేవాళ్లకి తట్టనిది, ఫోన్లు బాగుపడటం వల్లే వచ్చింది. వైఫై 5లో 80 మెగాహెర్ట్జ్ మీద ఒక యాంటెన్నాకి గరిష్ఠంగా 433 మెగాబిట్లు, రెండు యాంటెన్నాల ఫోన్‌కి 867. మూడు రెండేసి యాంటెన్నాల ఫోన్లు వంతులవారీగా తీసుకుంటే, గాలిలో నడిచే మొత్తం 867. ఇప్పుడు ఎంయూ-మైమో చేద్దాం. రౌటర్ యాంటెన్నాలు నాలుగే, ముగ్గురికీ రెండేసి ధారలు ఇవ్వలేదు కాబట్టి ఒక్కొక్కరికి ఒకటే. పైకి లెక్క మూడు నాలుగొందల ముప్పైమూళ్లు, 1300. కానీ రౌటర్ బలం ముగ్గురికీ పంచుకోవాలి, పైగా సరిగా చెరగని రొద ఉండనే ఉంది. అందుకని ఒక్కో ధార 433 నుంచి 260కి దిగజారిందనుకుందాం, అది ఆ ప్రమాణంలో ఉన్న ఒక మెట్టే. మూడు కలిపి 780. వంతులు వేసుకున్నప్పటి 867 కన్నా తక్కువ! సౌండింగ్‌కి పోయే సమయం ఇంకా తీసేయలేదు. అదే ఫోన్లు ఒక్కో యాంటెన్నావే అయితే వంతుల్లో మొత్తం 433, ఎంయూలో 780. అంటే ఈ విద్య అసలు లాభపడేది బీద ఫోన్లతోనే. మీ ఫోన్ ఏ రకమో తెలియాలంటే రౌటర్ దగ్గర నిలబడి వైఫై వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి. వైఫై 5 మీద 433 దాటకపోతే ఒకటే ధార, 866 కనబడితే రెండు.

పైగా ఎంయూ-మైమో జరగాలంటే ముగ్గురికీ అదే క్షణంలో డేటా సిద్ధంగా ఉండాలి. వీడియో చూసే ఫోన్ ఒక్క గుక్కలో కొన్ని సెకన్ల బొమ్మ దించుకుని ఊరుకుంటుంది. ముగ్గురి గుక్కలూ కలిసే క్షణాలు ఇంట్లో అరుదు. అందరూ ఒకే సోఫాలో కూర్చుంటే మరీ ఇబ్బంది, ఫోన్ల దగ్గరి అలల అమరికలు పోలిపోయే కొద్దీ ఒకచోట కలిపి పక్కనే చెరపడం కష్టమవుతుంది. కదలకుండా గోడకున్న టీవీ, బల్ల మీది ల్యాప్‌టాప్, వేర్వేరు గదుల్లో ఏకధాటిగా ఫైళ్లు దించుకుంటుంటే మాత్రం ఫలితం కనిపిస్తుంది. వైఫై 6 ఈ పద్ధతిని ఎనిమిది మంది దాకా పెంచింది, పైకి పంపే దారిలోనూ పెట్టింది. అయినా మెసేజీలు, కాల్స్ లాంటి చిన్న ముక్కలకి అందులో ఎక్కువగా అక్కరకొచ్చేది వేరే విద్య: ఛానెల్‌నే సన్నని పట్టీలుగా కోసి పంచే ఓఎఫ్‌డీఎంఏ. దానికి చెరపడాలతో పనిలేదు.

బీమ్‌ఫార్మింగ్‌ని మాత్రం తీసిపారేయలేం. పక్క గదిలో, ఒక గోడ అవతల ఉన్న ఫోన్‌కి అది ఒకటి రెండు మెట్ల వేగం కలుపుతుంది. రౌటర్ పక్కనే ఉంటే ఎలాగూ పూర్తి వేగమే. మరీ దూరమైతే కొలతే సరిగా రాదు.

పరీక్షించాలనుకుంటే ఒక్క ఫోన్‌తో స్పీడ్ టెస్ట్ చేయకండి, ఒక్కరే ఉంటే ఎంయూ-మైమో మొదలే కాదు. మూడు ఫోన్లు దూరదూరంగా బల్లల మీద పెట్టి, ఇంట్లోని కంప్యూటర్ నుంచి పెద్ద ఫైలు మూడింటికీ ఒకేసారి దించండి. ఆ కంప్యూటర్ రౌటర్‌కి గిగాబిట్ తీగతో కలిపి ఉండాలి. రౌటర్ పేజీలో MU-MIMO మీట ఉంటే ఆపి ఒకసారి, వేసి ఒకసారి మూడు వేగాలూ కూడండి. తర్వాత ఫోన్లు చేత్తో పట్టుకుని నడుస్తూ మళ్లీ చేయండి. ఇంటర్నెట్ నుంచి దించితే మాత్రం ప్రయోగం తేలదు. లైన్ 100 మెగాబిట్లదైతే 780కీ 867కీ మధ్య తేడా కనిపించడానికి చోటే లేదు.