నైట్ వారం, నిద్ర, అన్నం

విశాఖలోని ఒక కర్మాగారంలో షిఫ్టులు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు మొదలై, వారానికొకటి చొప్పున మారతాయి. అక్కడి ఫిట్టర్ ఒకాయన నైట్ వారంలో రాత్రి రెండింటికి కడుపునిండా పులిహోర తినేవాడు. తెల్లారేసరికి గుండెల్లో మంట, పడుకుంటే నిద్ర పట్టదు.

ఒంట్లోని గడియారం రోజుకు ఇంచుమించు గంట మాత్రమే జరుగుతుంది. వారంలో అది పూర్తిగా తిరగబడదు కాబట్టి, రాత్రి తిన్న అన్నాన్ని ఒళ్లు పగటిలా అరిగించుకోలేదు, రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది.

ఆయన ఇప్పుడు రాత్రి 8కే భోంచేసి వెళ్తున్నాడు. మధ్యలో ఆకలేస్తే మజ్జిగ, గుప్పెడు వేరుశెనగలు. ఒంటిగంట తర్వాత టీ ముట్టడు. ఉదయం రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దుప్పటి కట్టి, 8 నుంచి ఒంటిగంట దాకా పడుకుంటాడు. మళ్లీ సాయంత్రం గంటన్నర కునుకు.

అసలు చిక్కు నైట్ ముగిసి మార్నింగ్ షిఫ్టుకు మారేటప్పుడే. చివరి నైట్ దిగిన పొద్దున రెండు మూడు గంటలే పడుకుని, అలారంతో లేచి, ఎండలో తిరగాలి. అప్పుడే రాత్రి 9కి నిద్ర ముంచుకొస్తుంది. పగలంతా పడుకుంటే ఆ రాత్రి జాగారమే. ఆ పొద్దున మాత్రం బండి నడపకండి, బస్సెక్కండి.

షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు భోజన వేళలు మార్చే ముందు రోస్టర్ కాగితం డాక్టరుకు చూపించి, మందుల వేళలు అడిగి రాయించుకోండి.