తెల్లవారుజాము కడుపునొప్పి, అయిదు నిమిషాల్లో

బోధనాసుపత్రుల్లో పొద్దున జరిగే క్లాసులో రాత్రి డ్యూటీ చేసిన పీజీ ఒక కేసు చెప్పాలి. చేతిలో ఏడెనిమిది పేజీల కేస్ షీటు ఉంటుంది. ఇచ్చే సమయం అయిదు నిమిషాలు. షీటును వేగంగా చదివితే సరిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. కేస్ షీటు అన్నీ నమోదు చేసుకోవడానికి రాసింది. చెవితో వినేవాళ్లకు అది పనికిరాదు.

మన పల్లెల నుంచి వచ్చే ఒక కేసును ఊహించుకుందాం. కూలి పని చేసే ఇరవై రెండేళ్ల యువకుడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలిపోయాయి, గుటక పడటం లేదు. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. కట్లపాము కాటు తరచూ ఇలాగే ఉంటుంది. పళ్లు చాలా చిన్నవి కాబట్టి నిద్రలో కరిస్తే తెలియకపోవచ్చు, వాపు కూడా దాదాపు ఉండదు.

మొదట తేల్చుకోవాల్సింది, వినేవాళ్లు ఏ చోట ఆగి ఆలోచించాలి అన్నది. ఇక్కడ ఆ చోటు స్పష్టమే: గాటు లేకుండా, స్పృహ తప్పకుండా, కొన్ని గంటల్లోనే పై నుంచి కిందికి కండరాలు ఎందుకు చచ్చుబడుతున్నాయి? ఈ ప్రశ్నకు ఉపయోగపడని వివరం ఏదైనా అయిదు నిమిషాల్లోంచి తప్పుకోవాలి. చిన్నప్పుడు జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ షీటులో ఉంటే చాలు.

మొదటి వాక్యంలో వయసు, పని, బాధ, వ్యవధి ఉండాలి. ‘ఇరవై రెండేళ్ల వ్యవసాయ కూలీ, నాలుగు గంటలుగా కడుపునొప్పి, రెండు గంటలుగా కనురెప్పలు వాలడం.’ ‘పాముకాటు కేసు’ అని మొదలుపెడితే క్లాసు అక్కడితో ముగిసినట్టే, ఎవరూ ఆలోచించరు. రోగి పేరు చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత గడియారమే దారి చూపుతుంది. రాత్రి పదికి నేల మీద పడుకున్నాడు. మూడింటికి కడుపునొప్పి, వాంతులు. అయిదింటికి రెప్పలు వాలాయి, ఒకటి రెండుగా కనిపించింది. ఆరింటికి మాట ముక్కులోంచి వచ్చింది. ఏడింటికి ఆసుపత్రికి చేరాడు. ‘నేల మీద’ అన్న ముక్కను సామాజిక వివరాల్లో చివరికి నెట్టేస్తే కేసుకు ఆయువుపట్టే పోతుంది. చెప్పడం అయ్యాక వచ్చే మొదటి ప్రశ్న ‘ఎక్కడ పడుకున్నాడు?’ అయితే క్రమం దెబ్బతిన్నట్టే.

లేని లక్షణాలను ఎంచుకోవడమే అసలైన కష్టం. ‘మిగతావన్నీ నార్మల్’ అంటే ఏమీ చెప్పనట్టే. పోటీకి వచ్చే ఒక్కో జబ్బును తలచుకుని, అది ఉంటే కనబడాల్సింది ఉందో లేదో చెప్పాలి. పొలం పనివాడు కాబట్టి పురుగుమందు గుర్తుకొస్తుంది: నోటి వెంట చొంగ లేదు, కంటిపాపలు సూదిమొనలా లేవు. గిలియన్ బారె అయితే చచ్చుబాటు సాధారణంగా కాళ్లలో మొదలై రోజుల మీద పైకి పాకుతుంది, ఇతనికి కళ్లలో మొదలైంది. జ్వరం లేదు, స్పర్శ బాగుంది. నాలుగు వాక్యాలు చాలు.

పరీక్షలో ప్రాణానికి సంబంధించినది ముందు రావాలి. ఆక్సిజన్ 96 శాతం అని చెప్పి ఊరుకుంటే వినేవాళ్లు నిశ్చింతపడతారు. కానీ శ్వాస కండరాలు అలసిపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలిగాడో వెంటనే చెప్పాలి: పన్నెండు. దిండు మీంచి తల ఎత్తలేకపోయాడని కూడా. ఆపైన రెప్పలు, కళ్లు, గొంతు, మెడ, చేతులు, కాళ్లు. జబ్బు దిగిన వరుసలోనే చెబితే వినేవాడికి ఆ దిగడం కళ్లకు కడుతుంది. గాటు లేదనీ వాపు లేదనీ ఇక్కడే చెప్పాలి.

రక్తపరీక్షల పట్టికను ఏకరువు పెట్టకూడదు. ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే: శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టింది. రక్తపింజరి విషం ఎక్కితే సాధారణంగా అలా గడ్డకట్టదు.

అప్పుడు ఒక్క వాక్యంలో సారం: ‘నేల మీద నిద్రించిన యువకుడికి, గాటు లేకుండా, గంటల్లో కిందికి దిగుతున్న చచ్చుబాటు, రక్తం గడ్డకడుతోంది, ఊపిరి బలహీనపడుతోంది.’ ఇక్కడ ఆగి క్లాసును అడగాలి. జవాబులు వచ్చాకే చేసిన చికిత్స చెప్పాలి: విషానికి విరుగుడు మందు, గొంతులో గొట్టం, వెంటిలేటర్. కట్లపాము విషం నరాల చివళ్లనే దెబ్బతీస్తుంది, జరిగిన ఆ నష్టాన్ని విరుగుడు మందు సరిచేయలేదు. అందుకే రోజుల తరబడి వెంటిలేటర్ అవసరం కావచ్చు. చర్చ సాగాల్సింది దీని మీదే.

ఈ వరుస క్లాసుకు మాత్రమే. అదే రోగిని డ్యూటీ మారే డాక్టరుకు అప్పగించేటప్పుడు ఉత్కంఠకు చోటు లేదు. ‘కట్లపాము కాటు, ఊపిరి తగ్గుతోంది, గొట్టం వేయాల్సి రావచ్చు’ అన్నదే మొదటి మాట కావాలి.