ఇంగ్లిష్ టీచరుకు ఏమని రాయాలి?

"మావాడు ఇంగ్లిష్‌లో వెనకబడ్డాడు, ఏం చేయమంటారు?" అని రాస్తే "రోజూ చదివించండి" అనే జవాబే వస్తుంది. ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించి, ఎక్కడ తడబడుతున్నాడో చూడండి. ఆపై ఇలా రాయొచ్చు:

"నమస్కారం మేడమ్. మూడో తరగతి చదివే మా బాబు పాఠం గడగడా చదువుతాడు. అర్థం అడిగితే తెలుగులో కూడా చెప్పలేడు. నాకు ఇంగ్లిష్ రాదు. రాత్రిపూట పావుగంట కూర్చోగలను. ఏం చేయించమంటారు?"

ఇబ్బంది ఎక్కడో, ఇంట్లో వీలెంతో టీచరుకు తెలిసిపోయింది. ఈ బాబుకు స్పెల్లింగులు బట్టీ పట్టిస్తే ఒరిగేదేమీ లేదు. ముందు బొమ్మలు చూపించి కథ తెలుగులో చెప్పించి, తర్వాత అదే పేజీ చదివించమని ఆమె సూచించవచ్చు. అందుకు అమ్మకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకైతే వేరే సాధన కావాలి.