గోదాము గేటు దగ్గర లారీల బారు

నాలుగు రేవులు, నాలుగు హమాలీ ముఠాలు ఉన్న గోదాము ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా పనిచేస్తుందనుకుందాం. ఒక్కో లారీ దించడానికి గంట పడితే రోజుకు 32 లారీలు దించవచ్చు. వచ్చేవి 24 మాత్రమే. అయినా గేటు బయట బారు తీరుతుంది. కారణం రేవుల కొరత కాదు, రాకల తీరు.

ఉదయం 9కే 12 లారీలు వస్తే చివరి నాలుగు 11 దాకా ఆగాలి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ముఠాలు ఖాళీగా కూర్చుంటాయి. 3కి మిగతా 12 ఒక్కసారిగా వస్తే పని 6కు గాని ముగియదు.

గంటకు మూడు లారీల చొప్పున ముందే వేళలు కేటాయిస్తే ఈ చిక్కు తీరుతుంది. నాలుగో రేవును కావాలనే ఖాళీగా ఉంచాలి. దారిలో ఆలస్యమైన లారీకి అదే ఆసరా. దాన్ని కూడా నింపేస్తే ఒక్క ఆలస్యం రోజంతా పాకుతుంది. చేత్తో దించే బస్తాల లారీకి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించే సరుకు కంటే ఎక్కువ వేళ ఇవ్వాలి.

లోపం ఎక్కడుందో రిజిస్టరే చెబుతుంది. గేటు నుంచి రేవుకు చేరే సమయం పెరిగితే రాకలను సర్దాలి. రేవులో నిలిచే సమయం పెరిగితే ముఠా బలాన్ని, సరుకు పేర్పును చూడాలి.