ఆ 36 లక్షలు ఏ జాబు మీద వేయాలి?

బాలానగర్‌లో ఒక చిన్న మెషీన్ షాపు. మూడు సీఎన్‌సీ మెషీన్లు, వెనక గోడ వారగా ఫిట్టింగ్ బల్ల. రెండు షిఫ్టులకూ కలిపి మెషీన్ల మీద నలుగురు, బల్ల దగ్గర నలుగురు. కాస్ట్ అకౌంటెంట్‌ని కదా అని యజమాని నన్ను పిలిపించి కొటేషన్ల ఫైలు ముందు పెట్టారు. "సార్, మెషీన్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉన్నాయి. ఆర్డర్లకు కొదవ లేదు. మార్చి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలడం లేదు. పనివాళ్లు టైము పోగొడుతున్నారేమో, మీరే చూడండి" అన్నారు.

రెండు రోజులు షాపులో నిలబడి చూశాను. పనివాళ్లు ఏమీ పోగొట్టడం లేదు. పోతున్నదంతా కొటేషన్ కాగితం మీద, చివరి నుంచి మూడో వరసలో పోతోంది. అక్కడ ప్రతి జాబుకూ ఒకటే మాట రాసి ఉంది: ఓవర్‌హెడ్లు 40 శాతం.

ఒక జాబుకు ఎంత మెటల్ పట్టిందో, దాని మీద పనిచేసిన వాళ్ల కూలి ఎంతో వేలు పెట్టి చూపించవచ్చు. ఈ రెండూ, ఆ జాబు కోసమే విడిగా పెట్టిన ఖర్చేదైనా ఉంటే అదీ కలిపితే ప్రైమ్ కాస్ట్. షెడ్డు అద్దె, కరెంటు, మెషీన్ల తరుగుదల, రిపేర్లు, కూలెంట్, సూపర్‌వైజర్ జీతం అలా కాదు. అవి షాపు మొత్తానివి. అయినా వాటిని ఏదో ఒక కొలతతో జాబులకు పంచక తప్పదు. పంచకపోతే అద్దె ఎవరూ కట్టినట్టు కాదు. మూడు కొలతలు వాడుకలో ఉన్నాయి: పనివాళ్ల గంటలు, మెషీన్ గంటలు, ప్రైమ్ కాస్ట్ మీద శాతం. ఏ కొలత తీసుకున్నా ఏడాది మొత్తానికి పంచాల్సిన సొమ్ము అదే. మారేది ఏ జాబు ఎంత మోస్తుందన్నదే, కొటేషన్ తప్పేదీ అక్కడే.

ఈ షాపు లెక్క చూద్దాం, అంకెలు గుండ్రం చేసి చెబుతాను. ఏడాదికి అనుకున్న ఓవర్‌హెడ్లు 36 లక్షలు. ఎనిమిది మంది పని గంటలు 18,000. మూడు మెషీన్ల గంటలు 12,000. మెటల్ 72 లక్షలు, కూలి గంటకు వంద చొప్పున 18 లక్షలు, వెరసి ప్రైమ్ కాస్ట్ 90 లక్షలు. అంటే 36 లక్షలను పని గంటల మీద పంచితే గంటకు 200 రూపాయలు, మెషీన్ గంటల మీద అయితే 300, ప్రైమ్ కాస్ట్ మీద అయితే 40 శాతం. యజమాని ఈ చివరిది పట్టుకున్నారు. ఎందుకని అడిగితే, "సులువు కదా సార్. మెటల్ బిల్లు ఉంటుంది, కూలి రిజిస్టరు ఉంటుంది. గంటలు రాసుకునే పని లేదు" అన్నారు. చాలా షాపుల్లో ఈ పద్ధతి నిలిచి ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు రెండు జాబులు. మొదటిది వంద గన్‌మెటల్ బుష్‌లు. మెటల్ 60,000, పని 12 గంటలు, కూలి 1,200. మెషీన్ మీద పది గంటల్లో అయిపోతుంది. రెండోది ఒక స్టీలు అచ్చు ప్లేటు. మెటల్ 8,000, పని 20 గంటలు, కూలి 2,000. కానీ మెషీన్ మీద 60 గంటలు ఉంటుంది. ఆపరేటరు ప్లేటు బిగించి, ప్రోగ్రామ్ నడిపించి, పక్క మెషీన్ దగ్గరకు వెళ్లిపోతాడు. కట్టర్ మాత్రం రాత్రంతా కోస్తూనే ఉంటుంది.

ప్రైమ్ కాస్ట్ మీద 40 శాతం వేస్తే బుష్‌ల మీద 24,480 రూపాయల ఓవర్‌హెడ్లు పడ్డాయి, ప్లేటు మీద 4,000. అరవై గంటలు మెషీన్‌ను ఆక్రమించిన జాబు కంటే పది గంటలు వాడుకున్న జాబు ఆరు రెట్లు మోసింది. గన్‌మెటల్ ఖరీదైనది కావడం తప్ప దానికి మరో కారణం లేదు. రాగి ధర పెరిగితే బుష్‌ల మీద అద్దె పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు లెక్క చూపిస్తుంది. షెడ్డు ఓనరుకు రాగి ధరతో పనేమిటి?

పోనీ పని గంటలతో చూద్దామా? బుష్‌లకు 2,400, ప్లేటుకు 4,000. బుష్‌ల లెక్క దారికి వచ్చింది, ప్లేటు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆపరేటరు దాని దగ్గర ఉన్నది పదిహేను గంటలే, బల్ల మీద ఫిట్టర్ మరో ఐదు గంటలు. అతను లేని నలభై ఐదు గంటలూ మెషీన్ కరెంటు తాగింది, అరిగింది. పని గంటల కొలతకు అవి కనిపించవు. ఒక మనిషి ఒక లేత్ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పిన రోజుల్లో పని గంట, మెషీన్ గంట దాదాపు ఒకటే. ఒకే మనిషి రెండు మూడు మెషీన్లు చూసుకునే చోట అవి విడిపోయాయి. నిజానికి మెషీన్ గంటకు రేటు కట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు 1901లోనే ది ఇంజినీరింగ్ మ్యాగజీన్‌లో వరస వ్యాసాలు రాసి, ఒక్కో మెషీన్‌ను సొంతంగా అద్దె కట్టే చిన్న దుకాణంలా చూడాలని వాదించాడు.

ఆ చూపుతోనే ఈ షాపులో ఒక మెషీన్ ముందు కూర్చుని రేటు కట్టాం. కొన్న ధర 40 లక్షలు, పదేళ్ల తర్వాత 4 లక్షలు వస్తుందని అంచనా. ఏడాదికి తరుగుదల 3,60,000. మెషీన్ ఏడాదికి తిరిగేది 4,000 గంటలు కాబట్టి గంటకు 90. కరెంటు సగటున గంటకు ఆరు యూనిట్లు, యూనిట్ 8 రూపాయల లెక్కన 48. రిపేర్లు, కూలెంట్, టూల్స్ కలిపి ఏడాదికి రెండు లక్షలు, గంటకు 50. అద్దెను చదరపు అడుగుల మీద పంచితే ఈ మెషీన్ చుట్టూ ఉన్న చోటుకు గంటకు 36. బీమా, సూపర్‌వైజర్ జీతంలో వాటా 16. మొత్తం 240. మిగతా రెండు మెషీన్లూ ఇలాంటివే కనుక మూడింటికీ ఏడాదికి 28,80,000. అంటే 36 లక్షల్లో బల్ల వైపు ఖర్చయ్యేది 7,20,000 మాత్రమే.

ఈ అంకె చూశాక షాపు మొత్తానికి 300 రూపాయల మెషీన్ గంట రేటు కూడా తప్పేనని తేలింది. మూడో రకం జాబు దీన్ని బయటపెట్టింది: విడిభాగాలు తెచ్చి బల్ల మీద బిగించే పని. పని 60 గంటలు, అందులో 55 బల్ల మీదే. మెషీన్ ఐదు గంటలు. 300 చొప్పున వేస్తే దాని వాటా 1,500. ఫిట్టర్లు వారం రోజులు వాడుకున్న బల్ల, వెలుతురు, సూపర్‌వైజర్ శ్రద్ధ దాదాపు ఉచితంగా దొరికినట్టయింది.

అందుకే ఒకే కొలత కోసం వెతకడం ఆపేశాం. మెషీన్ల వైపు గంటకు 240, మెషీన్ గంటల మీద. బల్ల వైపు 7,20,000ను అక్కడి నలుగురి 9,000 గంటలకు పంచి, గంటకు 80, పని గంటల మీద. ఇప్పుడు బుష్‌లు మోసేది 2,560, ప్లేటు 14,800, బిగింపు జాబు 5,600. నా మటుకు, మెషీన్లూ చేతిపనీ కలిసి ఉన్న ఏ షాపుకైనా ఇదే సరైన దారి. మూడు కొలతల్లో ఏది గొప్పదని కాదు, ఈ విభాగంలో ఖర్చు దేని వెంట నడుస్తోందని అడగాలి. ప్రైమ్ కాస్ట్ శాతం ఒక్క చోటే క్షేమం: ఒకే మెటల్, ఒకే రకం వస్తువు, ప్రతిదానికీ దాదాపు ఒకే పని పట్టే చోట. అక్కడ ఏ కొలతైనా ఒకటే జవాబు ఇస్తుంది.

పాత లెక్కన ప్లేటు ఖర్చు 14,000, దాని మీద పదిహేను శాతం లాభం వేసి 16,100కు కొటేషన్. అసలు ఖర్చు 24,800. బుష్‌లకు అసలు ఖర్చు 63,760 అయితే పాత లెక్క 85,680 చూపించి 98,532 అడిగింది. బుష్‌ల కస్టమర్లు ఒక్కొక్కరే పక్క వీధికి వెళ్లిపోయారు. ప్లేట్ల వాళ్లు వరస కట్టారు. యజమాని చెప్పిన "ఆర్డర్లకు కొదవ లేదు" అన్నది అక్షరాలా నిజం.

ఈ జబ్బును ఏడాది చివర పట్టుకునే ఆనవాలు ఒకటుంది. ఆ ఏడాది ఖర్చయిన ఓవర్‌హెడ్లు అనుకున్నట్టే 36 లక్షలు. మెషీన్లు తిరిగిందీ అనుకున్నట్టే 12,000 గంటలు. కానీ బుష్‌లు పోయి, కొందరు కస్టమర్లు తమ మెటల్ తామే పంపి కోత పని మాత్రమే చేయించుకోవడంతో ప్రైమ్ కాస్ట్ 65 లక్షలకు పడింది. దాని మీద 40 శాతం 26 లక్షలు. జాబుల నుంచి రావలసిన దాంట్లో పది లక్షలు రాలేదు. ఖర్చు పెరగలేదు, గంటలు తగ్గలేదు, అయినా లోటు వచ్చిందంటే దోషం కొలతదే. మెటల్ కస్టమర్‌దైతే ప్రైమ్ కాస్ట్ దాదాపు కూలి ఒక్కటే అయిపోతుంది. కాబట్టి జాబ్ వర్క్ తీసుకునే వాళ్లు ఈ పద్ధతిని అసలు ముట్టుకోకూడదు.

మెషీన్ గంటలకు మారితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి సెట్టింగ్ టైము. ఈ షాపులో 4,000 గంటల్లో సెట్టింగ్ కూడా కలిసి ఉంది, కాబట్టి ప్రతి జాబు కార్డులో సెట్టింగ్ గంటలూ రాయాలి. కోసిన గంటలే రాస్తే ఐదు పీసుల కోసం మూడు గంటలు బిగించిన జాబు ఆ మూడు గంటల భారం తప్పించుకుంటుంది. రెండోది, రేటు కింద ఉన్న 4,000. ఆర్డర్లు తగ్గిన ఏడాది మెషీన్ 2,500 గంటలే తిరిగిందని దానితో భాగిస్తే, తరుగుదల, అద్దె ఎక్కడికీ పోవు కాబట్టి రేటు ఎగబాకుతుంది. కొటేషన్లు పెరుగుతాయి, ఉన్న ఆర్డర్లూ జారిపోతాయి. నిల్వ సరుకు విలువ కట్టేటప్పుడు స్థిర ఓవర్‌హెడ్లను మామూలు సామర్థ్యం మీదే పంచాలని, ఖాళీగా ఉన్న మెషీన్ల ఖర్చును ఆ ఏడాది ఖర్చుగా చూపాలని అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెబుతున్నది కూడా అందుకే. కొటేషన్‌కూ అదే పద్ధతి పాటించాం.

ప్రతి మెషీన్ తలుపుకూ ఒక క్లిప్ బోర్డు తగిలించాం. బిగించిన టైము, కోత మొదలైన టైము, ఆగిన టైము ఆపరేటరే రాస్తాడు. మొదటి నెల సగం గళ్లు ఖాళీగా ఉండేవి. మూడో నెల నుంచి నిండుతున్నాయి. ప్లేటు కొటేషన్ ఇప్పుడు 28,500 దాకా వెళ్తోంది, దాంతో ఇద్దరు పాత కస్టమర్లు రావడం మానేశారు. బుష్‌లకు 73,300 రాసి పంపిన రోజు సాయంత్రం, రెండేళ్ల కింద వెళ్లిపోయిన వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది.