పెద్దత్తయ్యకు రాసేటప్పుడు నువ్వా, మీరా?

పెద్దవాళ్లకు పంపే మెసేజ్‌ను సరిదిద్దమంటే చాలామంది ముందుగా చేసే పని ‘నువ్వు’ ఉన్న చోటల్లా ‘మీరు’ పెట్టడం. ఈ ఒక్క మార్పుతో సందేశం మర్యాదగా మారిపోదు. కొన్ని ఇళ్లలోనైతే అసలు ఆ మార్పే చేయకూడదు.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఆ మనిషిని ఎదురుగా ఎలా పిలుస్తామన్నది. చిన్నప్పటి నుంచి ‘అమ్మమ్మా, నువ్వు తిన్నావా?’ అని అడిగిన మనవరాలు ఉన్నట్టుండి ‘మీరు భోజనం చేశారా?’ అని రాస్తే, పిల్లకు కోపం వచ్చిందేమోనని అమ్మమ్మ బెంగపడుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎన్నో ఇళ్లలో పెదనాన్ననూ మేనమామనూ కూడా ‘నువ్వు’ అనే అంటారు. అక్కడ గౌరవమంతా వరుస పెట్టి పిలవడంలోనే ఉంటుంది. పెళ్లితో కలిసిన బంధుత్వాల లెక్క వేరు. భర్త తన తల్లిని ‘నువ్వు’ అంటున్నాడని కోడలు కూడా అలాగే రాయడం చాలా కుటుంబాల్లో చెల్లదు. ఎటూ తేలనప్పుడు ‘మీరు’తో మొదలుపెట్టడం మేలు. ‘నన్ను మీరు అనకమ్మా’ అని పెద్దవాళ్లే చెబితే అప్పుడు మార్చుకోవచ్చు.

ఇక ‘మీరు’ అనే రాయాలని తేలిందనుకుందాం. ఒకమ్మాయి తన పెద్ద మేనత్తకు ఇలా రాసింది:

‘పెద్దత్తా, ఎలా ఉన్నావ్? కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుందా? మామయ్య చుక్కలు వేస్తున్నాడా? పదో తారీఖున మా గృహప్రవేశం. నువ్వు తప్పకుండా రావాలి. నిన్ను తీసుకురావడానికి కారు పంపిస్తాం. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి.’

హడావుడిగా దిద్దితే ఇలా తయారైంది: ‘పెద్దత్తయ్య గారూ, ఎలా ఉన్నారు? కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుందా? మామయ్య గారు చుక్కలు వేస్తున్నాడా? పదో తారీఖున మా గృహప్రవేశం. మీరు తప్పకుండా రావాలి. నిన్ను తీసుకురావడానికి కారు పంపిస్తాం. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి.’

మొదటి మాటలో ‘గారూ’ చేరింది కానీ, మూడు చోట్ల పాత మాటలు మిగిలిపోయాయి. ‘మామయ్య గారు’ అన్నాక ‘వేస్తున్నాడు’ పొసగదు, ‘వేస్తున్నారు’ కావాలి. ఎదుటి మనిషి మీదే దృష్టి ఉండటంతో, మధ్యలో ప్రస్తావనకు వచ్చిన మరో పెద్దమనిషిని మరిచిపోవడం మామూలే. ‘నిన్ను’ అన్నది ‘మిమ్మల్ని’ కావాలి. చివరి ‘చెయ్యి’ అన్నది ‘చెయ్యండి’ కావాలి. మన వాక్యాల్లో ‘నువ్వు’, ‘మీరు’ చాలాసార్లు పైకి కనిపించవు. మర్యాద క్రియ చివర ఉంటుంది. అందుకే దిద్దేవాళ్లు ప్రతి వాక్యం చివరి మాటనూ, నీ, నీకు, నిన్ను, నీతో అనే మాటలనూ విడిగా చూసుకోవాలి.

కొన్ని వాక్యాలు మాత్రం అలాగే ఉంటాయి. ‘చూపు బాగుందా?’ అన్నప్పుడు క్రియ చూపుకు చెందినది, అత్తయ్యకు కాదు. ‘మీకు నొప్పి తగ్గిందా?’ అన్నా అంతే, ‘తగ్గిందా’ మారదు. ‘రావాలి’ అన్నది నువ్వుకూ మీరుకూ ఒక్కటే. అక్కడ ‘మీరు’ తీసేస్తే ఆ వాక్యంలో మర్యాద గుర్తు ఏదీ మిగలదు కాబట్టి దాన్ని ఉంచడమే మంచిది.

ఆడవాళ్ల గురించి చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ‘అమ్మ చెప్పింది’ అని సొంత తల్లి గురించి హాయిగా రాస్తాం. ‘అత్తయ్య గారు చెప్పింది’ అంటే మాత్రం ‘గారు’ పెట్టిన ఫలితం దక్కదు, ‘చెప్పారు’ అనాలి.

చివరగా రెండు సంగతులు. ‘మీరు’ ఒక్కరికీ వర్తిస్తుంది, పదిమందికీ వర్తిస్తుంది. ‘మీరు రావాలి’ అంటే తనొక్కతేనా, మామయ్య కూడానా అని అత్తయ్యకు అనుమానం రావచ్చు. పిలుపుల్లో ఇలాంటి అనుమానం మాటపట్టింపుల దాకా తీసుకెళుతుంది. రెండోది, ‘అండి’ చేర్చినా ఆజ్ఞ ఆజ్ఞే. ‘ఫోన్ చెయ్యండి’ తప్పు కాదు కానీ, ‘ఫోన్ చేస్తారా?’ అంటే నిర్ణయం పెద్దవాళ్ల చేతిలో పెట్టినట్టు ఉంటుంది. ‘దయచేసి’ చేరిస్తే మాత్రం ఆఫీసు నోటీసులా తయారవుతుంది.

ఇవన్నీ చూసుకుంటే ఆ సందేశం ఇలా నిలుస్తుంది:

‘పెద్దత్తయ్యా, ఎలా ఉన్నారు? కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుందా? మామయ్య చుక్కలు వేస్తున్నారా? పదో తారీఖున మా గృహప్రవేశం. మీరూ మామయ్యా ఇద్దరూ తప్పకుండా రావాలి. మిమ్మల్ని తీసుకురావడానికి కారు పంపిస్తాం. బయల్దేరే ముందు ఒక్కసారి ఫోన్ చేస్తారా?’

ఇందులో ‘గారు’ ఒక్కచోటా లేదు. సొంత మేనత్త కాబట్టి ‘అత్తయ్యా’ అన్న పిలుపులో చనువు మిగిలింది, క్రియల్లో మర్యాద నిలిచింది. ఇదే పిలుపు అత్తగారి వైపు పెద్దావిడకు పంపాల్సి వస్తే, అప్పుడు మూడుచోట్లా ‘గారు’ చేర్చాలి.